స్కూలుకిచ్చే అసెస్‌మెంట్ రిపోర్టు: ఫలితాలకీ సిఫార్సులకీ మధ్య ఫార్ములేషన్‌లో అసలేం రాయాలి?

కొత్తకలం
రిపోర్టు నమూనాలు ఎన్ని చూసినా శీర్షికలు అవే: నేపథ్యం, పరీక్షల ఫలితాలు, ఫార్ములేషన్ అనే వివరణ, సిఫార్సులు. ఏ శీర్షిక కింద ఏం పెట్టాలో చెప్తారు గానీ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎలా వెళ్లాలో ఎవరూ చెప్పరు. చేతిలో ఉన్న కేసు ఇది, గుర్తుపట్టే వివరాలు మార్చాను. నాలుగో తరగతి బాబు, 9 ఏళ్ల 4 నెలలు. "శ్రద్ధ లేదు, రాతపని పూర్తి చేయడు, ఏడీహెచ్‌డీ ఉందేమో చూడండి" అని స్కూలు పంపింది.

విస్క్-5 తెలివితేటల పరీక్షలో మొత్తం ఐక్యూ 98. లోపల చూస్తే వెర్బల్ 108, విజువల్ స్పేషియల్ 103, ఫ్లూయిడ్ రీజనింగ్ 106, వర్కింగ్ మెమరీ 85, ప్రాసెసింగ్ స్పీడ్ 80. చదువు పరీక్షల్లో పదాలు చదవడం 79, అర్థంలేని పదాలు చదవడం 76, స్పెల్లింగ్ 77, విని అర్థం చేసుకోవడం 105, లెక్కలు 94. శ్రద్ధ గురించిన ప్రశ్నావళిలో టీచరు ఇచ్చిన జవాబుల ప్రకారం టీ స్కోరు 71, తల్లి జవాబుల ప్రకారం 58. ఈ స్కోరుకి సగటు 50, పెరిగేకొద్దీ ఇబ్బంది ఎక్కువని.

ఈ అంకెలన్నిటినీ ఫార్ములేషన్‌లో మళ్లీ మాటల్లో రాస్తే అది సారాంశమే అవుతుంది. మరి ఏం రాయాలి?

ఐదు_పీలు
ఇంగ్లిష్‌లో పీ అక్షరంతో మొదలయ్యే అయిదు గళ్లున్న ఐదు పీల చట్రం వాడండి, పనైపోతుంది. ఇప్పుడున్న సమస్య, ముందునుంచీ ఉన్న కారణాలు, సమస్యను బయటపెట్టినవి, దాన్ని కొనసాగిస్తున్నవి, బాబుకి అండగా ఉన్నవి. అయిదు గళ్లు నింపితే ఫార్ములేషన్ తయారు.

వెంకటరత్నం
@ఐదు_పీలు, ఆ చట్రం సమాచారం సర్దుకోవడానికి మంచిదే. కానీ గళ్లు నిండినంత మాత్రాన వివరణ రాదండి. "కొనసాగిస్తున్నవి" అన్న గడిలో "వర్కింగ్ మెమరీ తక్కువ" అని, "ఇప్పుడున్న సమస్య"లో "రాతపని పూర్తి చేయడు" అని రాసి వదిలేస్తే, మొదటిది రెండోదానికి ఎలా దారితీస్తోందో ఎక్కడుంది? ఆ "ఎలా" చెప్పే వాక్యాలే ఫార్ములేషన్.

కొత్తకలం గారు, స్కూలు అడిగిన ప్రశ్న నుంచి మొదలుపెట్టండి. "ఏడీహెచ్‌డీ ఉందేమో చూడండి" అన్నది వాళ్ల అనుమానం. దాని వెనక ఉన్న అసలు ప్రశ్నలు రెండు: రాతపని ఎందుకు పూర్తి కావడం లేదు, తరగతిలో ఏం మారిస్తే పూర్తవుతుంది. వాటిని రిపోర్టు మొదట్లోనే రాసిపెట్టుకుంటే మిగతా ప్రతి భాగానికీ ఒక కొలత దొరుకుతుంది. నేపథ్యంలోని వాక్యం ఏదైనా సరే, ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడంలో పనికొస్తోందా, లేదా ఒక కారణాన్ని కొట్టిపారేయడానికి పనికొస్తోందా అని చూడండి. రెండూ కాకపోతే తీసేయండి.

మీ పోస్టులో తరగతి పరిశీలన లేదు. చేశారా? టీచరుకి 71, తల్లికి 58 వచ్చినప్పుడు ఆ తేడాను విడమరిచి చెప్పగలిగేది అదే.

తరగతిగది
టీచరు వైపు నుంచి ఒక మాట. మేం చదివేది మొదటి పేజీ, చివరి పేజీ. మధ్యలో పట్టికలు వస్తే తిప్పేస్తాం. పట్టికలు అనుబంధంలోకి పంపించండి. సిఫార్సుల్లో "ముందు బెంచీలో కూర్చోబెట్టండి, ప్రోత్సహించండి" అని ఉంటే ఆ రిపోర్టు ఫైల్లోంచి మళ్లీ బయటికి రాదు.

కొత్తకలం
@వెంకటరత్నం గారు, పరిశీలన చేశాను. 15 సెకన్లకోసారి చూసి గుర్తుపెట్టే పద్ధతి, ఒక్కో పాఠంలో 10 నిమిషాలు, అంటే 40 గుర్తులు. సైన్సు పాఠం టీచరు నోటితో చెప్తున్నప్పుడు బాబు 34 సార్లు పనిలో ఉన్నాడు. మౌనంగా చదువుకునే పీరియడ్‌లో 17 సార్లే. పక్కనున్న ఇంకో పిల్లవాడిని కూడా అలాగే చూశాను, అతనికి 33, 31.

వెంకటరత్నం
మీ రిపోర్టుకి వెన్నెముక ఈ నాలుగు అంకెలే. నోటిపాఠంలో పక్క పిల్లవాడికీ ఇతనికీ తేడా లేదు. అచ్చు పుస్తకం ముందు పెట్టగానే శ్రద్ధ సగానికి పడిపోయింది. పక్క పిల్లవాడిని చూసి ఉండకపోతే "ఆ పీరియడ్ ఎవరికైనా విసుగే" అని ఎవరైనా కొట్టిపారేసేవాళ్లు.

ఫలితాల భాగంలో పరీక్షల పేర్ల వరసలో రాయకండి. విస్క్ అయ్యాక చదువు పరీక్ష, అదయ్యాక ప్రశ్నావళి అని పోతే పాఠకుడే ముక్కలు ఏరుకోవాల్సి వస్తుంది. విషయం ప్రకారం రాయండి: ఆలోచన, భాష ఎలా ఉన్నాయి, చదవడం, రాయడం ఎలా ఉన్నాయి, శ్రద్ధ ఎలా ఉంది. "శ్రద్ధ" కింద మీ పరిశీలన, రెండు ప్రశ్నావళులు, పరీక్ష చేస్తున్నప్పుడు బాబు తీరు, అన్నీ ఒక్కచోట కలుస్తాయి. అవి ఒకదానితో ఒకటి ఎక్కడ పొసగడం లేదో కూడా అక్కడే బయటపడుతుంది.

లెక్కలపిచ్చి
మొత్తం ఐక్యూ 98 అని అసలు ఇవ్వకూడదు. 108కీ 80కీ మధ్య 28 పాయింట్ల తేడా ఉంది, అంటే దాదాపు రెండు స్టాండర్డ్ డీవియేషన్లు. ఇంత తేడా ఉన్నప్పుడు సగటుకి అర్థం ఉండదు. జనరల్ ఎబిలిటీ ఇండెక్స్ ఇచ్చి ఊరుకోండి.

వెంకటరత్నం
@లెక్కలపిచ్చి, సగం ఒప్పుకుంటాను. 98 ఒక్కటే చూస్తే "అంతా మామూలే" అనిపిస్తుంది, అది తప్పుదారి. కానీ మొత్తం ఐక్యూని పూర్తిగా తీసేయడం సరి కాదనుకుంటాను. లోపల తేడాలున్నా చదువులో పిల్లవాడు ఎలా ఉంటాడో అంచనా వేయడంలో మొత్తం స్కోరు బాగానే పనిచేస్తుందని వాదించే పరిశోధకులు తక్కువమందేం కాదు. పైగా జనరల్ ఎబిలిటీ ఇండెక్స్‌లో వర్కింగ్ మెమరీ, ప్రాసెసింగ్ స్పీడ్ రెండూ ఉండవు. తరగతిలో బాబుకి అడ్డొస్తున్నవేమో అని మనం చూస్తున్నది వాటినే. వాటిని తీసేసిన అంకె ఒక్కటే ఇస్తే టీచరుకి అందమైన బొమ్మ కనిపిస్తుంది, అంతే.

రెండూ ఇచ్చి, రెండూ ఎందుకు వేరుగా ఉన్నాయో ఒక్క వాక్యం రాయండి.

లెక్కలపిచ్చి
ఒక్క వాక్యం ఎవరూ చదవరు. పెద్దక్షరాల్లో ఉన్న అంకెనే గుర్తుపెట్టుకుంటారు. నా మాట అదే.

అమ్మ_పద్మ
ఇక్కడ అడగొచ్చో లేదో తెలియదు. మా పాప రిపోర్టులో ప్రాసెసింగ్ స్పీడ్ 80, తొమ్మిదో పర్సంటైల్ అని ఉంది. 80 వస్తే మంచిదే కదా? మళ్లీ వందకి తొమ్మిది మార్కులే అంటారేంటి? పాపకి ఏం వచ్చినట్టు?

రిమీడియల్_రాణి
@అమ్మ_పద్మ గారు, రెండూ మార్కులు కావండి. 80 అనేది సగటు 100గా పెట్టుకున్న కొలబద్ద మీద ఉన్న చోటు. తొమ్మిదో పర్సంటైల్ అంటే అదే వయసు పిల్లలు వందమందిలో సుమారు తొమ్మిది మంది పాపతో సమానంగానో ఇంకా నెమ్మదిగానో చేస్తారని. రెండు అంకెలూ ఒకే సంగతి చెప్తున్నాయి. పాప ప్రశ్నలకు తప్పులు చెప్పిందని కాదు, గడియారం పెట్టి చేయించే చిన్న చిన్న పనుల్లో నెమ్మది అని అర్థం.

కొత్తకలం గారు, రిపోర్టు తల్లిదండ్రుల చేతికి కూడా వెళ్తుంది. ఒకే వాక్యంలో స్టాండర్డ్ స్కోరు, టీ స్కోరు, పర్సంటైల్ మూడూ గుప్పిస్తే ఇలాగే అవుతుంది. వాక్యాల్లో మాటలు, పర్సంటైల్ మాత్రం వాడండి. మిగతావి అనుబంధంలో ఉంచండి, వాటి పక్కనే అసలు స్కోరు ఏ హద్దుల మధ్య ఉండొచ్చో చెప్పే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ కూడా మాన్యువల్ పట్టిక నుంచి రాయండి.

తరగతిగది
మాకు "చదివే వయసు 6 ఏళ్ల 10 నెలలు" అని రాస్తే ఇంకా సులభం. వెంటనే అర్థమవుతుంది.

లెక్కలపిచ్చి
@తరగతిగది, అర్థమైనట్టు అనిపిస్తుంది, చిక్కు అక్కడే. ఆ వయసు పిల్లలు సగటున ఎన్ని పదాలు సరిగ్గా చదివారో ఇతనూ అన్నే చదివాడు అన్నంతవరకే దాని అర్థం. తొమ్మిదేళ్లవాడు ఆరేళ్లవాడిలా చదువుతాడని కాదు. పైగా ఆ వయసుల్లో రెండు మూడు పదాల తేడాకే నెలలకు నెలలు మారిపోతాయి. స్కూళ్లు దాన్ని చూసి ఒకటో తరగతి పుస్తకం చేతిలో పెడతాయి. విని అర్థం చేసుకోవడం 105 ఉన్న పిల్లవాడికి అది అవమానం.

కొత్తకలం
ఇంకో సంగతి. బాబు ఇంట్లో మాట్లాడేది తెలుగు, స్కూల్లో చదివేది ఇంగ్లిష్. పరీక్షలు ఇంగ్లిష్‌లో జరిగాయి. "భాష రాక చదవలేకపోతున్నాడేమో" అని స్కూలు అంటుందా?

రిమీడియల్_రాణి
తప్పకుండా అంటుంది, అడగాల్సిన ప్రశ్నే. తెలుగు నోటుపుస్తకం చూశారా? చిక్కు ఇంగ్లిష్‌తోనే అయితే తెలుగు రాత వయసుకి తగ్గట్టు ఉండాలి.

కొత్తకలం
చూశాను. "పుస్తకం" అన్నది "పుసకం" అయింది, "కష్టం" అన్నది "కషం" అయింది. దీర్ఘాలు చాలాచోట్ల లేవు, "రాముడు" అన్నది "రముడు". చూసి రాసినప్పుడు ఈ తప్పులు తక్కువ, చెప్పి రాయించినప్పుడు ఎక్కువ.

రిమీడియల్_రాణి
ఒత్తులు, దీర్ఘాలు పోతున్నాయి. చూసి రాస్తే నిలుస్తున్నాయి, చెప్పి రాయిస్తే జారిపోతున్నాయి. అంటే అక్షరాల ఆకారం తెలియక కాదు, విన్న ధ్వనిని అక్షరంగా మార్చడంలోనే తడబాటు. ఇంగ్లిష్‌లో అర్థంలేని పదాలు చదవడం 76 వచ్చింది కదా, రెండూ ఒకే మాట చెప్తున్నాయి. ఇంట్లో మాట్లాడే భాషలోనూ ఉంది కాబట్టి "ఇంగ్లిష్ రాకపోవడం వల్లే" అన్న వివరణ బలహీనపడుతుంది. పూర్తిగా పోదు. తెలుగు రాయడం బాబుకి ఎన్నేళ్లు, వారానికి ఎన్ని పీరియడ్లు నేర్పారో నేపథ్యంలో రాయండి. వారానికి రెండే పీరియడ్లు అయితే ఈ ఆధారం బరువు తగ్గుతుంది.

ఈ నోటుపుస్తకం తప్పులు రిపోర్టులో చూపించవచ్చు. పరీక్షలోని ప్రశ్నలను, వాటికి బాబు చెప్పిన జవాబులను మాత్రం ఎత్తి రాయకండి. అవి బయటికి వెళ్తే పరీక్ష పాడైపోతుంది.

వెంకటరత్నం
ఇప్పుడు ఫార్ములేషన్ రాయవచ్చు. మీ సమాచారంతోనే ఒక ముసాయిదా:

"బాబు విని బాగా అర్థం చేసుకుంటాడు, వయసుకి తగ్గట్టు ఆలోచించి జవాబు చెప్తాడు. అచ్చులో ఉన్నదాన్ని ధ్వనులుగా మార్చుకోవడం మాత్రం అతనికి చాలా కష్టం. అర్థంలేని పదాల పరీక్షలోనూ, రెండు భాషల్లో చేసిన రాత తప్పుల్లోనూ ఇదే కనిపించింది. పదాలు కూడబలుక్కోవడానికే శ్రమంతా పోవడంతో, వాక్యం మొదట్లో చదివినది చివరికొచ్చేసరికి జారిపోతోంది. విన్నదాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచుకునే శక్తి కూడా కొంత తక్కువ కావడం ఈ ఇబ్బందిని పెంచుతోంది. శ్రద్ధ తప్పడం చదివే పనిలోనే కనిపించింది, నోటితో చెప్పే పాఠంలో కనిపించలేదు. అందువల్ల రాతపని పూర్తి కాకపోవడానికి చదవడంలోని ఇబ్బంది ప్రధాన కారణమని, శ్రద్ధ తగ్గడం చాలావరకు దాని ఫలితమని భావిస్తున్నాం."

ఇందులో ఒక్క అంకె కూడా లేదు చూడండి. కానీ ప్రతి వాక్యానికీ వెనక ఫలితాల భాగంలో ఆధారం ఉంది. ఆధారం చూపించలేని వాక్యం కనిపిస్తే కొట్టేయండి.

లెక్కలపిచ్చి
ప్రాసెసింగ్ స్పీడ్ 80ని ఎందుకు వదిలేశారు? ఆ పరీక్షల్లో చదవాల్సిన అక్షరం ముక్క ఉండదు, అంకెలు, గుర్తులే. చదవడం రాకపోవడం వల్ల అది తగ్గదు. మీ కథలో ఇమడని అంకె పక్కకి పోయింది.

వెంకటరత్నం
మంచి ప్రశ్న, ఇమడని అంకెను దాచకూడదు. కొత్తకలం గారు, లోపలి రెండు పరీక్షలు విడిగా ఎంత?

కొత్తకలం
సగటు 10గా ఉండే కొలబద్ద మీద కోడింగ్ 5, సింబల్ సెర్చ్ 8.

వెంకటరత్నం
కోడింగ్‌లో పెన్సిల్ పని ఎక్కువ, సింబల్ సెర్చ్‌లో తక్కువ. చేతిరాత నెమ్మది కావచ్చు. కానీ మూడు పాయింట్ల తేడా మీద ఒక సిద్ధాంతం కట్టలేం. ఒక వాక్యం చాలు: "చేతిరాత వేగం కూడా పని పూర్తి కాకపోవడానికి కొంత కారణం కావచ్చు. దీన్ని విడిగా చూడాల్సి ఉంది." చూసి రాసే పని కొన్ని నిమిషాలు ఇచ్చి నిమిషానికి ఎన్ని అక్షరాలు రాస్తున్నాడో లెక్కపెట్టి, తరగతిలోని ఇద్దరు ముగ్గురు పిల్లలతో పోల్చి చూస్తే తేలుతుంది.

శ్రీలత_క్లినిక్
ఏడీహెచ్‌డీని మీరు మరీ తొందరగా పక్కన పెడుతున్నారు. ఆ సమస్య ఉన్న పిల్లలు కూడా ఇష్టమైన సైన్సు పాఠంలో బాగానే ఉంటారు, కష్టమైన పనిలో జారిపోతారు. 34, 17 అన్న అంకెలు రెండు వివరణలకూ సరిపోతాయి. వర్కింగ్ మెమరీ 85 కూడా అంతే. పైగా డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ ఒకే పిల్లవాడిలో ఉండటం మామూలే.

వెంకటరత్నం
@శ్రీలత_క్లినిక్ గారు చెప్పింది నిజం. రెండింటినీ వేరు చేయడానికి అచ్చు అవసరం లేని, కానీ విసుగ్గా ఉండే పనిలో చూడాలి. అంకెలు మాత్రమే ఉన్న కూడికలు, తీసివేతలు పేజీ నిండా ఇచ్చి అదే 10 నిమిషాల లెక్క. అక్కడ కూడా 20 లోపే వస్తే నా ముసాయిదాలోని చివరి వాక్యం మారాలి. లక్షణాలు రెండు చోట్ల ఉండాలి, 12 ఏళ్ల లోపే మొదలై ఉండాలి అన్న నియమం ప్రకారం తల్లి ఇచ్చిన 58 ఏడీహెచ్‌డీకి వ్యతిరేకంగా ఉంది. కానీ ఇంట్లో హోంవర్కుకి ఎవరు పక్కన కూర్చుంటారో కూడా అడగాలి. పక్కన పెద్దవాళ్లు కూర్చుని వేలు పెట్టి చూపిస్తుంటే అంకె తగ్గే వస్తుంది.

అందుకే ఫార్ములేషన్ చివర ఇది చేర్చండి: "చదవడంలో 12 వారాలు సాయం అందాక కూడా శ్రద్ధ ఇలాగే ఉంటే ఏడీహెచ్‌డీ కోసం మళ్లీ పరిశీలించాలి." ఏది జరిగితే మన అభిప్రాయం మారుతుందో స్కూలుకి ముందే తెలియాలి.

శ్రీలత_క్లినిక్
ఆ వాక్యం ఉంటే ఒప్పుకుంటాను. కానీ 12 వారాలు ఆగడం కొన్ని కేసుల్లో ఎక్కువ. లెక్కల పేజీ పరిశీలన రిపోర్టు ఇవ్వకముందే చేయడం మంచిది.

రిమీడియల్_రాణి
సిఫార్సుల సంగతి. ఒక పరీక్ష చెప్తాను: బాబు పేరు తీసేసి ఇంకో పిల్లవాడి పేరు పెట్టినా సిఫార్సు సరిపోతోందా? సరిపోతే అది సిఫార్సు కాదు. నమూనాల్లో ఉండే అన్నేసి సిఫార్సుల్లో టీచరు ఏదీ చేయరు. అయిదు చాలు, ముఖ్యమైనది ముందు. ఒక్కోదాంట్లో ఎవరు, ఏం, ఎంతసేపు, ఎప్పటిదాకా, ఎలా కొలవాలి అన్నవి ఉండాలి. మొదటిది ఇలా:

"ధ్వని నుంచి అక్షరానికి వరసగా నేర్పే పద్ధతిలో రోజుకి 25 నిమిషాలు, వారానికి 4 రోజులు, ముగ్గురికి మించని గుంపులో, స్పెషల్ ఎడ్యుకేటర్ నేర్పాలి. రెండు వారాలకోసారి కొత్త పేరా ఇచ్చి నిమిషంలో సరిగ్గా చదివిన పదాలు లెక్కించి గ్రాఫ్ గీయాలి. 12 వారాల తర్వాత సమీక్ష."

మొదలుపెట్టే రోజు అంకె కూడా మీరే ఇవ్వండి. ఒకే పేరా కాకుండా మూడు పేరాలు చదివించి మధ్య అంకె తీసుకోండి. అది లేకపోతే 12 వారాల తర్వాత మెరుగుపడ్డాడో లేదో చెప్పేవాళ్లుండరు.

రెండోది తరగతి టీచరుకి. బోర్డు మీది నోట్సు అచ్చు కాగితంగా ఇవ్వాలి, లెక్కల్లో మాటల సమస్యను చదివి వినిపించాలి. పరీక్షల్లో అదనపు సమయం మీద అందరూ పడతారు గానీ, అక్షరమే కూడటం లేని పిల్లవాడికి 25 శాతం ఎక్కువ సమయం ఇస్తే అంతసేపు ఎక్కువ కష్టపడతాడు. ముందు చదివి వినిపించడం, తర్వాత సమయం.

తరగతిగది
38 మంది ఉన్న తరగతిలో ఒక్కడికి చదివి వినిపించడం ఎలా? పక్క పిల్లలకి వినపడుతుంది.

రిమీడియల్_రాణి
అందుకే సిఫార్సులు ఖరారు చేసేముందు టీచరుతో అరగంట మాట్లాడాలి. రోజూ కుదరకపోతే యూనిట్ టెస్టులకి మాత్రం వేరే గదిలో, లేదా ప్రశ్నలు ముందే రికార్డు చేసి హెడ్‌ఫోన్‌తో. కుదరనిది రాసి పంపడం కన్నా కుదిరే చిన్నది రాయడం మేలు.

కొత్తకలం
నేపథ్యంలో ఒక సందేహం. తల్లిదండ్రుల మధ్య గొడవలు, తండ్రి ఉద్యోగం పోవడం గురించి తల్లి చెప్పారు. రాయాలా? రాయకపోతే ఒక కారణం వదిలేసినట్టు అవుతుందేమో.

శ్రీలత_క్లినిక్
స్కూలుకి వెళ్లే ప్రతిలో రాయకండి. ఎంతమంది చేతులు మారుతుందో మనకి తెలియదు. "ఇంట్లో ఈ ఏడాది కొన్ని మార్పులు వచ్చాయి. చదవడంలో ఇబ్బంది అంతకుముందే, ఒకటో తరగతి నుంచే ఉందని తల్లి చెప్పారు." ఫార్ములేషన్‌కి కావాల్సింది ఇంతే.

ఐదు_పీలు
"కొన్ని మార్పులు" అని కూడా వద్దంటాను. స్టాఫ్ రూమ్‌లో ఊహాగానాలు మొదలవుతాయి. తల్లి ఒప్పుకుంటే రాయాలి, లేకపోతే ఆ వాక్యమే వద్దు.

శ్రీలత_క్లినిక్
ఒప్పుకోవాలన్నది సరే. కానీ ఆ గొడవలు స్కూలుకి ముందే తెలిసి ఉంటే, "అదే కారణం" అని వాళ్లు అనుకోకుండా ఆపేది రెండో వాక్యమే. కేసును బట్టి తేల్చుకోవాలి.

అమ్మ_పద్మ
రిపోర్టు స్కూలుకి వెళ్లేముందు మాకు చూపించాలి కదా? మా పాపది నేరుగా స్కూలుకే వెళ్లింది.

శ్రీలత_క్లినిక్
చూపించాలండి. ఏది ఎవరికి వెళ్తుందో అనుమతి పత్రంలోనే రాసి సంతకం తీసుకోవాలి. మీ ప్రతి అడిగి తీసుకోండి, అర్థం కానివి చెప్పించుకోండి.

రిమీడియల్_రాణి
@కొత్తకలం, కళ్లు, చెవులు పరీక్ష చేయించారా? నేపథ్యంలో తేదీలతో సహా ఉండాలి. ఇంతసేపూ ధ్వనుల గురించే మాట్లాడుతున్నాం, చెవి సంగతి ఎవరూ అడగలేదు.

కొత్తకలం
కళ్లు పోయిన నెల చూపించారు, బాగున్నాయి. చెవి పరీక్ష జరగలేదు. మూడేళ్ల వయసులో చాలాసార్లు చెవిలో చీము కారిందని తల్లి చెప్పారు.

రిమీడియల్_రాణి
అయితే అది సిఫార్సుల్లో మొదటిది. నేను పైన రాసిన మొదటిది రెండోదవుతుంది. ఫార్ములేషన్‌లో కూడా "వినికిడి పరీక్ష ఫలితం వచ్చేవరకు ఈ అభిప్రాయం తాత్కాలికం" అని రాయండి. విని అర్థం చేసుకోవడం 105 వచ్చింది కాబట్టి పెద్ద లోపం ఉండకపోవచ్చు. కానీ ఆ పరీక్ష నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మీ ఎదురుగా జరిగింది. తరగతి అలా ఉండదు.

లెక్కలపిచ్చి
మరి డిస్లెక్సియా అన్న పదం ఇప్పుడే రాయాలా, ఆగాలా?

వెంకటరత్నం
నేనైతే చెవి రిపోర్టు వచ్చేదాకా "పదాలు చదవడంలో, స్పెల్లింగ్‌లో తీవ్రమైన ఇబ్బంది" అని మాత్రం రాస్తాను. సాయం మొదలుపెట్టడానికి ఆ పేరు అక్కర్లేదు.

శ్రీలత_క్లినిక్
కొన్ని స్కూళ్లు పేరు లేకపోతే స్పెషల్ ఎడ్యుకేటర్ గంటలు ఇవ్వవు. చెవి పరీక్ష వారంలో అయిపోతుంది. రిపోర్టునే వారం ఆపండి, ఆలోగా లెక్కల పేజీ పరిశీలన కూడా అయిపోతుంది.

కొత్తకలం
స్కూలు సోమవారానికి అడుగుతోంది. చెవి పరీక్షకి తల్లితో ఈరోజే మాట్లాడతాను, లెక్కల పీరియడ్ గురువారం ఉంది. సోమవారానికి ఒక పేజీలో చదివి వినిపించడం, అచ్చు నోట్సు ఈ రెండూ రాసిచ్చి, పూర్తి రిపోర్టు తర్వాత పంపిస్తే?

తరగతిగది
పంపండి. ఆ ఒక్క పేజీ చాలు, ఆ రెండూ మంగళవారం నుంచే మొదలుపెట్టొచ్చు. పైన "తాత్కాలికం" అని, పూర్తి రిపోర్టు ఏ తేదీకి వస్తుందో రాయండి. లేకపోతే ఆ పేజీనే అసలు రిపోర్టు అనుకుని ఫైల్లో పెట్టేస్తారు.